ఎదురు హోటల్లో మా కారప్పొడి

నందిగామలో మా టిఫిన్ హోటలు రేకులు కారడం మొదలై రెండు వానాకాలాలైంది. సాంబారు గిన్నె మీద గొడుగు పట్టి వడ్డించే గతి పట్టాక గానీ రేకులు మార్పించి, గచ్చు తవ్వించి టైల్స్ వేయించడానికి మా ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్న రోజే ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చారు. 'మరమ్మతుల నిమిత్తం హోటలు మూసివేయబడినది.'

"ఇదేంటండీ, కోర్టువాళ్లొచ్చి సీలేసినట్టు?" అన్నాను.

"మూసేస్తున్నాంగా? ఇంకేం రాయమంటావ్?"

"ఎందుకు మూస్తున్నామో, మళ్లీ ఎప్పుడు తెరుస్తామో రాయండి. లేకపోతే ఎత్తేశారనుకుంటారు."

నా భయమల్లా ఎదురు హోటలు. జగ్గయ్యపేట నుంచి వచ్చినాయన కొత్తగా పెట్టాడు. ఆయన ఇడ్లీ గోడకేసి కొడితే గోడే పెచ్చులూడుతుంది. అయినా పొద్దుటి టిఫిను కాళ్లకు పట్టే అలవాటు. ఈ మరమ్మతులకు పట్టే మూడు వారాలూ జనం కాళ్లు అటు తిరిగాయంటే మళ్లీ ఇటు రావు. మేమిద్దరం బతికేది ఈ హోటలు మీదే.

అట్ట పారేసి ఫ్లెక్సీ వేయించాను. మిమ్మల్ని వానకు తడవకుండా కూర్చోబెట్టడానికే మూస్తున్నామనీ, ఫలానా గురువారం పొద్దున్నే వేడి ఇడ్లీతో తెరుస్తామనీ రాయించాను. పని ఎంతవరకు వచ్చిందో రోజూ వాట్సాప్ స్టేటస్ పెడతానన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. మూసే ముందు వారం, రోజూ వచ్చేవాళ్లందరికీ తలా ఒక కారప్పొడి పొట్లం చేతిలో పెట్టాను. మా పొడికి ఆ చుట్టుపక్కల పేరుంది. మా రుచి వాళ్ల నాలుక మీద ఆరిపోకుండా ఉండాలని నా తెలివి.

రేకులు విప్పిన మర్నాడు, వానకు అడ్డంగా కట్టిన టార్పాలిన్ పట్టా చాటు నుంచి ఎదురు హోటల్లోకి తొంగిచూశాను. మా మాస్టారు, అంటే మా హోటల్లో గోడవారగా ఓ బల్ల సొంతం చేసుకున్న రిటైర్డు హెడ్మాస్టరు గారు, అక్కడ దర్జాగా కూర్చున్నారు. జేబులోంచి నా పొట్లం తీశారు. ఆ జగ్గయ్యపేటాయన ఇడ్లీ మీద నా పొడి చల్లి, నెయ్యి అడిగి మరీ వేయించుకున్నారు. పక్కన ముక్త్యాల సిమెంటు లారీ డ్రైవరు కూడా పొట్లం విప్పాడు. ఆ వెనక బల్ల మీదా మా పొట్లాలే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆ ఇడ్లీ మనుషులు తినేట్టు చేసింది నేనే!

ఒళ్లు మండి, రోడ్డు దాటి వెళ్లి నిలదీశాను.

"మాస్టారూ, ఇది న్యాయమేనా?"

"మీ మీద అభిమానమేనమ్మా. ఇడ్లీ ఒక్కటే ఆయనది," అన్నారు మాస్టారు, వేళ్లు నాకుతూ.

జగ్గయ్యపేటాయన గల్లాపెట్టె వెనక నుంచి, "రా అక్కా, టీ తాగి పో," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పైగా టైల్స్ లారీ ఆలస్యమైంది. గురువారం కుదరదని తేలింది. "ఎవరు చూస్తార్లే, గప్‌చుప్‌గా ఉందాం," అన్నారు మా ఆయన. వచ్చినవాడు తలుపు కొట్టి తిరిగిపోతే మళ్లీ రాడని దెబ్బలాడి, ఫ్లెక్సీ మీద గురువారాన్ని కొట్టేసి, టైల్స్ ఆలస్యమయ్యాయి, సోమవారం తప్పక తెరుస్తామని నేనే కాగితం అంటించాను. వానకు ఆ కాగితం రాత్రికే ఊడిపోయింది. కూర్చుని నిజంగానే ఏడ్చాను.

శనివారం జగ్గయ్యపేటాయన మా గడపలోకి వచ్చాడు. సిమెంటు దుమ్ములో నిలబడి, "అక్కా, దణ్ణం పెడతా, ఎప్పుడు తెరుస్తారో చెప్పండి," అన్నాడు.

"ఏం, తొందరేముంది? బేరం బాగుందిగా?"

"ఏం బాగు? మీ పొట్లాలు అయిపోయినయి. ఉత్త ఇడ్లీ పెడితే నా మొహం చూస్తున్నరు. పైగా ప్రతివోడూ ప్లేటు ముందు కూర్చుని, ఎదురోళ్లు ఎప్పుడు తెరుస్తారయ్యా అని నన్నే అడుగుడు. నాకు నా హోటలు పనుందా, మీ ఎంక్వయిరీ కౌంటరు పనుందా?"

"సోమవారమయ్యా," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయం."

ఆయన విసవిసా వెళ్లిపోయాడు. సాయంత్రం మా ఆయన బయటి నుంచి కేకేశారు. వెళ్లి చూద్దును కదా, ఎదురు హోటలు వాకిట్లో, ఇడ్లీ వడల ధరలు రాసే నల్లబల్ల మొత్తం తుడిచేసి, సుద్దముక్కతో ఇంతింత అక్షరాలు రాసి ఉన్నాయి.

'ఎదురు హోటలు సోమవారం తెరుస్తారు. నన్ను అడగొద్దు.'