ఎడమ కంటికి కట్టిన గుడ్డ

రజాకార్లను ఆపడానికే ఊరి రక్షణ దళంలో చేరానని అందరితో చెప్పేవాణ్ణి. అబద్ధం. భుజాన తుపాకి వేసుకుని తిరగాలన్న సోకు, అంతే.

మాది నెల్లికుదురు పక్క ఊరు. మాకు తుపాకి నేర్పింది కల్లు గీసే అన్న. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దూరాన పెట్టిన కుండను గురి చూడమన్నాడు. మూయగానే కుండ మసకలో కలిసిపోయింది. మూడు గుండ్లూ గాలికి పోయాయి.

"కనవడుతలేదా తమ్మీ?"

"అంత మంచిగనే కనవడుతున్నది. నీ తుపాకే వంకర."

తాడిచెట్లెక్కేవాడి ముందు లోపం ఒప్పుకుంటానా! ఇరవై ఆరేళ్లు ఒక్క కంటితోనే లోకాన్ని చూశానని ఆ పూటే తెలిసింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా మానుకోటలో రైలెక్కి మిషన్ దవాఖానకు పోయాను.

కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ అక్షరాల పలక చదివించింది. కుడి కంటికి అద్దం పెట్టినా పై రెండు వరుసలే తెలిశాయి.

"కన్ను బాగానే ఉంది. చిన్నప్పుడే దీనికి అద్దం కావలసింది. అది లేక, ఈ కన్ను చూడటం నేర్చుకోలేదు. ఈ వయసులో మాట ఇవ్వలేను. అద్దం పెట్టుకుని, రోజుకు రెండు గంటలు మంచి కన్ను మూసి, కూర్చుని చదవండి. ఒకటి రెండు వరుసలు పెరగవచ్చు. రెండు కళ్లూ సమానం కావు. నడిచేటప్పుడు మాత్రం మూయకండి. అసలు కాపాడుకోవలసింది ఆ మంచి కన్నే."

ఆడమనిషికి తుపాకి గురి సంగతి ఏం తెలుసనుకున్నాను. రెండు గంటలకు ఒక వరుస వస్తే, పగలంతా కడితే పది రావా! మేధావిని కదా! జొన్నచేలో మంచె మీద దళం తరఫున కాపలా కాస్తూ కూడా ఎడమ కంటికి గుడ్డ కట్టుకున్నాను.

ఒక పొద్దు దారి మీద ఏదో కదిలింది. గొడ్ల మంద అనుకున్నాను. పక్క చేనులోని అవ్వ వడిసెల రాయి నా మంచెకు తగిలేలా విసిరింది.

"ఓరి సచ్చినోడా, గవి గొడ్లు గాదు, రజాకార్లు! కంటికి గా పేలికేందిరా?"

గుడ్డ పీకి కేక వేసేసరికి ఆలస్యమైంది. ఊరు చేలల్లోకి పరుగెత్తింది. ముసలివాళ్లను దాటించి చివర మిగిలిన కల్లు గీసే అన్నను రజాకార్లు పట్టుకుని, మోకాళ్లు విరగ్గొట్టారు. అతను మళ్లీ తాడిచెట్టు ఎక్కలేదు.

ఆరు నెలలకు అదే పలక ముందు నిలబడి ఒక్క వరుస ఎక్కువ చదివాను.

"ముందే చెప్పానుగా," అంది డాక్టరమ్మ.

అక్కడి నుంచి నేరుగా కల్లు గీసే అన్న గుడిసెకు పోయి, కన్ను సంగతి, గుడ్డ సంగతి మొత్తం చెప్పాను.

"ఒక్క వరుసకు నా మోకాళ్లు ఇస్తివి. మొదటి దినమే కనవడుతలేదంటే, తుపాకి ఎడమ భుజానికి పెట్టిచ్చి, నీ మంచి కంటితోనే గురి చూసుడు పొద్దుగూకే లోపు నేర్పుదును గదరా!"