రూట్ లోపల మైనస్

తిరువూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పుష్పలత లెక్కల లెక్చరరు. విస్సన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఆవిడకు ఒక గర్వం ఉంది, దాన్ని దాచుకునే అలవాటు మాత్రం లేదు. పరీక్ష పేపరుకి గైడు తిరగేయదు, లెక్కలన్నీ సొంతంగా తయారు చేస్తుంది. ఆవిడ పేపరులో తప్పు ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనే ధైర్యమూ ఎవరికీ లేదనుకోండి.

ఘన సమీకరణం తయారీలో ఆవిడది తలకిందుల పద్ధతి. ముందు జవాబులు, అంటే మూలాలు, ఎంచుకుని, వాటి నుంచి వెనక్కి సమీకరణం కడుతుంది. ఈసారి పిల్లల మీద జాలిపడి మూడూ వాస్తవ సంఖ్యలే పెట్టింది. ఒకటి 8, మిగతా రెండూ −1+√3, −1−√3. వాటితో x³ − 6x² − 18x + 16 = 0 తయారైంది. దీన్ని, ఘన సమీకరణాలకు వాడే కార్డన్ పద్ధతిలో సాధించమంది. హాయిగా చేసేస్తారులే అనుకుంది.

మొదటి అడుగు అందరికీ వచ్చు. x బదులు y + 2 పెడితే వర్గ పదం ఎగిరిపోయి y³ − 30y − 36 = 0 మిగులుతుంది. తర్వాత y ని u + v గా విడగొట్టి, uv = 10, u³ + v³ = 36 అయ్యేలా చూడాలి. చూస్తే u³ = 18 + √−676 అని వచ్చింది. రూట్ లోపల మైనస్ కనబడగానే క్లాసు క్లాసంతా పెన్నులు కింద పెట్టేసింది.

"లెక్క తప్పు మేడమ్! మైనస్ వచ్చిందంటే వాస్తవ మూలాలు లేనట్టేగా?" అన్నాడు చరణ్ పరీక్ష హాల్లోంచి బయటికి వస్తూనే. వర్గ సమీకరణంలో అదే నిజం మరి. వాడి గొంతు ప్రిన్సిపాల్ జగన్నాథరావు గది దాకా వినిపించింది.

"పోనీలెండమ్మా, ప్రశ్న తప్పని రాసేసి అందరికీ మార్కులు కలిపేద్దాం," అన్నాడాయన.

పుష్పలతకు ఒళ్ళు మండింది. "తప్పు కాదు సార్. ఎనిమిది వేసి చూడండి, సున్నా వస్తుంది. రేపు క్లాసులో తేలుస్తాను, మీరూ రండి."

అనడమైతే అంది. స్టాఫ్ రూములో కూర్చుని చేస్తే తనూ అక్కడే ఆగింది. జవాబు తెలుసు కనుక వెనక్కి నడిచింది. x ఎనిమిదైతే y ఆరు. అంటే u, v ల మొత్తం ఆరు, లబ్ధం పది. మొత్తం ఆరయ్యే ఏ రెండు వాస్తవ సంఖ్యలను గుణించినా, మూడు మూళ్ళ తొమ్మిదికి మించదు. పది ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి అవి √−1 అనే i ఉన్న సంకీర్ణ సంఖ్యలు, 3 + i, 3 − i కావాలి. పిల్లలకు సులువని మూడూ వాస్తవ మూలాలు పెట్టడం వల్లే దారి సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్ళిందని అర్థమై ఒక్కతే నవ్వుకుంది.

మర్నాడు బోర్డు మీద 3 + i ని ఘనం చేసి చూపించింది. సరిగ్గా 18 + 26i, అంటే పిల్లలు ఆగిపోయిన 18 + √−676 వచ్చింది. "3 + i కి 3 − i కూడితే i లు రెండూ కొట్టుకుపోయాయి, ఆరు మిగిలింది. మూలాలు మూడూ వేరువేరు వాస్తవ సంఖ్యలైతే ఈ సూత్రం ప్రతిసారీ i గుండానే పోతుంది," అంది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ తలూపాడు. ఆవిడకు కొండెక్కినంత సంబరం.

అప్పుడు పెనుగొలను నుంచి వచ్చే గ్లోరి లేచింది. నోరు విప్పడమే అరుదు ఆ పిల్ల.

"మేడమ్, ఎనిమిదని మీకు ముందే తెలుసు కదండి. తెలియకపోతే 3 + i ఎలా వస్తుందండి?"

పుష్పలత "రా, ఇద్దరం చూద్దాం," అని సుద్దముక్క చేతికిచ్చింది.

గ్లోరి ఘనమూలాన్ని a + bi అనుకుంది. లబ్ధం పది కనుక a² + b² = 10. ఘనంలో i లేని భాగం 18 కావాలి, దాంట్లోంచి b ని తీసేస్తే 4a³ − 30a = 18 వచ్చింది. 2a ని y అని పిలిచి సర్దేసరికి, బోర్డు మీద మళ్ళీ y³ − 30y − 36 = 0 నిలబడింది.

"బయల్దేరిన చోటికే వచ్చాం మేడమ్," అంది గ్లోరి భయంభయంగా.

పుష్పలత బోర్డును పైనుంచి కిందికి చదివింది, మళ్ళీ చదివింది.

"ప్రశ్న తప్పు కాదు సార్," అంది ప్రిన్సిపాల్‌తో. "కానీ మైనస్ దాకా వచ్చిన వాళ్ళందరికీ పూర్తి మార్కులు వేస్తాను. అక్కణ్ణించి ముందుకెళ్ళాలంటే త్రికోణమితితో చేసే కోణాల పద్ధతి కావాలి. అది నేను చెప్పలేదు. జవాబు తెలుసు కాబట్టి నేను నడిచాను, అంతే. చరణ్, వాస్తవ మూలాలు లేవని రాశావు చూడు, దానికి మాత్రం ఒక మార్కు కోత."

ఇంత జరిగాక ఆవిడ గర్వం కాస్త తగ్గిందనుకుంటే పొరపాటే. స్టాఫ్ రూములోకి అడుగు పెడుతూనే, ఎవరూ అడగకుండానే అందరికీ వినబడేలా చెప్పింది:

"నా లెక్కలో తప్పు ఎవరూ పట్టలేకపోయారు. నా జవాబులో పట్టింది, మా గ్లోరి!"