పేరుకి తండ్రి పేరు

రష్యా ఉత్తరపు కొసన, మంచులో ఉన్న యమల్‌లో మా గ్యాస్ పంపింగ్ స్టేషన్ కట్టించిన తెలుగు ఇంజనీరు సుదర్శనం పీలగా ఉంటాడు. స్వెట్టర్ల మీద స్వెట్టర్లు, చేతిలో ఎప్పుడూ టీ గ్లాసు, వచ్చీరాని రష్యన్. వెళ్లిపోయే రోజు క్యాంటీన్లో వోడ్కా గ్లాసెత్తి లేచాడు. "ప్రసంగం రాసుకున్న కాగితం మర్చిపోయినట్టున్నావే," అన్నాడు ఫోర్‌మన్ గెన్నాదీ. కాగితం అసలు తేలేదు. వెల్డర్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ మా పద్ధతిలో, పేరుకి తండ్రి పేరు కలిపి పిలుస్తూ, ఎవరు ఏం చేసిపెట్టారో చెప్పి దండం పెడుతున్నాడు. వాక్యాలు కుంటుతున్నాయి గానీ పేర్లు తడబడట్లేదు. మేం తినడం మానేశాం. చివరికి తలుపు దగ్గర, మేమంతా మసిగాడని పిలిచే, బాయిలర్ చూసుకునే ముసలాయన వైపు తిరిగాడు.

"లియొనీద్ గెరాసిమొవిచ్ గారూ, మీరు ఒక్కసారి కునుకు తీసుంటే మేమంతా గడ్డకట్టేవాళ్లం. నావల్ల ఏమైనా తప్పు జరిగితే అందరూ మన్నించండి."

ఆయన తండ్రి గెరాసిమ్ అని మాలో ఎవరికీ తెలీదు. ముసలాయన టోపీ తీశాడు.

"మీ నాన్న పేరేంటి బాబూ?"

"నరసయ్య."

ప్రయాణానికి ముందు మా రష్యన్ల ఆనవాయితీ ప్రకారం అందరం మాట్లాడకుండా కాసేపు కూర్చున్నాం. ముందుగా ముసలాయనే లేచాడు.

"ఇక బయల్దేరండి, సుదర్శన్ నరసయ్యెవిచ్. మీ గది వెచ్చగానే ఉంచుతా."