బుగ్గ మీద లేని లోతు

మా ఆయనకు ఫొటో అంటే సిగ్గు. ఉన్నది ఒక్కటే. మిరప కల్లంలో ఎర్రటి కాయల మధ్య కూర్చుని నన్ను చూసి నవ్వుతుంటే మా తోడికోడలు పాత ఫోన్లో తీసింది. ఆయన పోయాక, చేను గట్టున రాతిబొమ్మ పెట్టిద్దామని ఆ ఫొటో దుర్గి ఊళ్లో శిల్పి దగ్గరకు పట్టుకెళ్లాను.

"మసగ్గా ఉంది చెల్లెమ్మా. రెప్ప ఏడ మొదలైందో తెలవట్లా. ఏందని చెక్కేది?" అన్నాడు.

మాచర్లలో స్టూడియోకు పోయాను. ఆ స్టూడియో ఆయన నన్ను పిన్నీ అనే పిలుస్తాడు.

"ఫొటో అంటే అంతా చుక్కలే పిన్నీ. కొత్తయ్యేం పుట్టియ్యను. ఉన్నయ్యే ఉంటయ్. వాటి వెలుగు మారుస్తా, అంతే."

కంప్యూటర్‌లో ఒక ఏటవాలు గీత ఉంది. దాని కింది భాగాన్ని కాస్త కిందికి, పైభాగాన్ని కాస్త పైకి లాగాడు. నలుపు చిక్కబడింది, తెలుపు వెలిగింది. తరువాత తెర మీదే ఇంకొక మీట జరిపాడు. ప్రతి చోటునూ దాని చుట్టుపక్కలతో పోల్చి, నల్లదాన్ని ఇంకాస్త నలుపు, వెలుగుదాన్ని ఇంకాస్త వెలుగు చేస్తుందట. రెప్ప తేలింది. మీసం వెంట్రుకలు విడివిడిగా కనపడ్డాయి. కల్లంలో నన్ను చూసిన చూపే, మళ్లీ నన్ను చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను.

"ఇంకా తేల్చు నాయనా."

"చానా ఎక్కువైతే మొహం మొరటుగా వస్తది పిన్నీ."

"వస్తే రానీ, తేల్చు."

ఆశ నాది. అట్లా తేల్చిన ఫొటోనే శిల్పికి ఇచ్చాను.

పది రోజులకు వెళ్లేసరికి ముక్కూ నుదురూ తయారయ్యాయి. బుగ్గ మీద ముక్కు పక్క నుంచి నోటిదాకా బొగ్గుతో గీత గీసి, దానిమీద ఉలి ఆనించాడు. చెక్కితే ఇక పూడ్చేది కాదు.

"ఆపన్నా! అంత లోతు లేదు ఆయనకు."

"ఫొటోలో ఉందిగా తల్లీ! నలుపుంటే లోతనే మేం చెక్కేది."

"మంచాన పడ్డన్నాళ్లూ ఆయనకు గడ్డం గీసింది నేను. ఈ చెయ్యి ఆ బుగ్గ మీద ఏనాడూ గుంటలో పడలేదు. నేను తేల్చమన్నదాంట్లో వచ్చిన నలుపది."

ఉలి పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, "అయితే మసక ఫొటో కూడా తేమ్మా" అన్నాడు.

మా తోడికోడలి ఫోన్లో ఉన్నదాన్ని స్టూడియోలో ఏమీ మార్చకుండా అచ్చు వేయించి తెచ్చాను. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు. అంచులు తేలినదాంట్లో చూశాడు, లోతు మసకదాంట్లో చూశాడు. అనుమానం వస్తే నా వేళ్లను రాతి మీద పెట్టించాడు.

తేలిన ఫొటో ఇంట్లో గోడకుంది. "బావకింత కోపమేందే!" అంటుంది తోడికోడలు చూసినప్పుడల్లా. నాకు ఆ కళ్లు చాలు. బుగ్గ కావాలనిపిస్తే చేనుకు పోతాను. ఎండకు వెచ్చబడిన రాతి మీద, గడ్డం గీసిన దారిలోనే, అరచెయ్యి నున్నగా జారుతుంది.