తప్పు రంగుది, నింద రొయ్యలది

మా వంశంలో జుట్టు నెరవదని స్టీల్ ప్లాంటులో నాతో పనిచేసేవాళ్లందరినీ ఇరవై ఏళ్లు నమ్మించాను. నెలకోసారి నల్లరంగు వేసుకుంటానని తెలిసింది మా ఆవిడ ఒక్కతెకే. ఆవిడ నవ్వు ఆపుకోవడంలో ఆరితేరింది.

ఓ ఆదివారం పొద్దున రంగేసుకుని, వీధిలోకి వచ్చిన రొయ్యలు కొని, మధ్యాహ్నం కూర తిన్నాను. సోమవారం తెల్లారేసరికి కళ్లు తెరుచుకోలేదు. నెత్తంతా దురద, చెవులు గారెల్లా ఉబ్బాయి.

"ఏటి బావా, మొహం ఇలగైపోనాది?" అంటూ పక్కింటాయన బండి మీద కూర్మన్నపాలెం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"తలకి రంగు వేస్తారా?" అన్నాడు డాక్టరు. పక్కింటాయన పక్కనే ఉన్నాడు మరి.

"లేదండీ, రొయ్యలు పడలేదు" అన్నాను.

మాత్రలతో నా వాపు తగ్గింది. పక్కింటాయన నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి, యారాడ నుంచి మా వీధికి రొయ్యలు తెచ్చే ఆమె బేరం కూడా తగ్గింది. మందు కలిపిన రొయ్యలని పేరు పడింది.

"నా రొయ్యలు ఏటి సేసినాయి బాబూ? పొద్దున పట్టినవే తెత్తన్నాను కదా!" అని ఓ రోజు నన్నే అడిగింది. సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు. నెరిసిన తల బయటపెట్టడం కంటే ఆమె గంప మిగిలిపోవడమే నాకు తేలికనిపించింది.

మర్నెల తెలివి ఉపయోగించి ఆకు బొమ్మ ఉన్న ప్యాకెట్ కొన్నాను. హెర్బల్, అమ్మోనియా లేదు అని రాసుంది. ఈసారి రాత్రికే మొహం వాచి, నెత్తి రసి కారింది.

ఒక్కణ్నే ప్యాకెట్ పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాల్లో పారాఫినైలిన్‌డయమీన్ అన్న మాట చూపించిందావిడ, జుట్టుకి నలుపునిచ్చే రసాయనమట.

"ఇరవై ఏళ్లూ పడింది కదమ్మా?"

"ఎన్నేళ్లు వాడాకైనా పడకపోవడం మొదలవుతుంది. అమ్మోనియా లేకపోయినా ఇది ఉంటుంది."

తగ్గాక, ఏది పడట్లేదో తేల్చడానికి వీపు మీద రకరకాల రసాయనాల పట్టీలు అంటించారు. రెండు రోజులు వీపు తడపలేదు. పట్టీలు తీశాక ఓసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూశారు. ఆ రసాయనం పెట్టిన చోటే ఎర్రగా పొక్కింది. మధ్యలో పెందుర్తి చుట్టాలింట్లో తిన్న రొయ్యలు నన్నేమీ చేయలేదని అప్పుడు ఒప్పుకున్నాను.

"ఇక నల్లరంగు వద్దు. మిగతా పర్మనెంట్ రంగులూ పడకపోవచ్చు, నన్నడక్కుండా వాడకండి. ఏమీ కలపని గోరింటాకు పొడైతే ఎర్రగా వస్తుంది, అదీ ముందు చేతి మీద కొంచెం రాసి చూసుకోండి. నల్ల గోరింటాకు జోలికి మాత్రం పోకండి, అందులోనూ ఇదే కలుపుతారు. అసలు తెలుపుకేమైందండీ?" అంది.

ఆదివారం రొయ్యలామె గంప దించగానే, అంగుళం తెల్లజుట్టుతో వీధిలో నిలబడి, పక్కింటాయన్నీ నలుగురు ఆడవాళ్లనీ పిలిచి, తప్పు రంగుదీ నాదీ అని చెప్పేశాను. నవ్వినవాళ్లు నవ్వారు. ఇద్దరు గిన్నెలు తేవడానికి లోపలికెళ్లారు. నన్ను క్షమించమన్నాను రొయ్యలామెను.

ఆమె తక్కెడ సర్దుకుంటూ మెల్లగా అంది: "మీ సెవి ఎనకాల నల్లమరక నా కాడ రొయ్యలు కొన్న రోజే సూసినాను బాబూ. నలుగురిలో అంటే మీ పరువు పోద్దని ఊరుకున్నాను."