గురువారం ఖాళీలు

బందరులో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో చేరాక, నోరారా నాలుగు మాటలు మాట్లాడుకునే రోజు నాకు గురువారం ఒక్కటే. మిగతా రోజులు "టోకెన్ తీసుకోండి, కూర్చోండి" తప్ప నా నోట మరో మాట ఉండేది కాదు. అద్దె గదికి వెళ్తే టీవీయే దిక్కు. గురువారం మాత్రం గుడివాడ నుంచి చర్మవ్యాధుల డాక్టరు గారు వచ్చేవారు. నాకంటే చిన్నావిడ, నన్ను అక్కా అనేవారు. మధ్యాహ్నం ఆవిడ గదిలోనే ఇద్దరం క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. నా కూరలో ఉప్పు తక్కువని సాధిస్తూనే గిన్నె ఖాళీ చేసేవారు.

ఒకరోజు మా మేనేజరు కొత్త పని పెట్టాడు. అపాయింట్‌మెంట్ తీసుకుని రానివాళ్ళు ఏ రోజు, ఏ డాక్టరుకి ఎంతమందో రిపోర్టు కావాలన్నాడు. ముందే ఫోన్ చేసి మానుకున్నవాళ్ళని పక్కనపెట్టి, మిగిలినవాళ్ళలో నూటికి ఎందరు ఎగ్గొట్టారో చూడాలి. చూశాను. గురువారమే అన్నిటికంటే అధ్వాన్నం. అదే రోజు కూర్చునే పిల్లల డాక్టరు దగ్గర మాత్రం ఖాళీలు లేవు. అంటే తంటా రోజుతో కాదు, మా డాక్టరు గారి పేషెంట్లతోనే.

"ఇలాగే ఉంటే ఆవిడ గురువారం తీసేద్దామండీ. ఆ గది ఇంకొకరికిద్దాం," అన్నాడు మేనేజరు. ఆయనకి మారేది ఒక గది, నాకు వారమంతా పోతుంది.

దాంతో మొండితనం పట్టుకుంది. రిపోర్టులో ఊరూ, టైమూ కూడా కలిపి చూశాను. ఎగ్గొట్టినవాళ్ళు దాదాపు అందరూ నాగాయలంక వైపు వాళ్ళే, అన్నీ పొద్దుటి టైములే. ముందురోజు నేను ఫోన్ చేస్తే "తప్పకుండా వస్తామండీ" అన్న మహానుభావులే! ఒళ్ళు మండి ఒకాయనకి ఫోన్ చేసి కడిగేశాను.

"పొద్దున్నే రొయ్యల చెరువుకి మేత వేసి, తిన్నాయో లేదో చూసుకుంటేనే గానీ కదల్లేమమ్మా," అన్నాడాయన నొచ్చుకుంటూ. "బస్సెక్కేసరికే మీరిచ్చిన టైము దాటిపోద్ది. మీరంత మర్యాదగా పిలుస్తుంటే రామని ఎట్టా చెబుతాం?"

చెరువు నీళ్ళలో నానే చేతులకే ఆ దురదలు, ఆ దురదలకే మా డాక్టరు గారు. ఇది నాకెందుకు తట్టలేదో! నాగాయలంక వైపు వాళ్ళకి పదకొండు దాటాక టైములిచ్చి, పొద్దుటివి బందరు వాళ్ళకి సర్దాను. ఫోన్లో "వస్తారా?" అనడం మానేసి, "మీకు ఎన్నింటికి వీలవుతుందండీ?" అని అడిగాను. తర్వాతి రిపోర్టు చూసి మేనేజరు గది మార్చే మాట వదిలేశాడు. గురువారం నిలబడింది.

ఆ సంతోషంతో గుత్తివంకాయ చేసి పట్టుకెళ్ళాను. రెండు దాటినా ఆవిడ గది ముందు జనం తగ్గలేదు. తలుపు ఓరగా తీసి, "మీరు తినేయండక్కా, నాకు కుదిరేలా లేదు," అన్నారు. తర్వాతి వారమూ అంతే. సాయంత్రం ఆవిడ రైలుకి పరుగెడుతుంటే కౌంటర్ దగ్గర్నుంచే చెయ్యూపుతున్నాను.

ఇప్పుడు గురువారాలు కూడా ఒక్కదాన్నే తింటున్నాను. ఒక్క ఖాళీ లేకుండా నింపింది నేనేగా, ఎవరిమీద అలగను?