యతిరాజులు దిద్దించుకున్న శ్రీముఖం

మా మఠంలో స్వామివారి గొంతు ఇద్దరికి ఉండేది. ఒకటి స్వామివారిది. రెండోది ఆయన పేర ఉత్తరాలు రాసే రాయసం యతిరాజులది. తిరుపతి ఊళ్ళో, మద్రాసులో, కంచిలో శిష్యులు కళ్ళకద్దుకుని దాచుకున్న స్వామివారి ఉత్తరాలు, ఆ శ్రీముఖాలన్నీ రెండో గొంతులోంచి వచ్చినవే. మఠం సరుకులుండే ఉగ్రాణం తాళాలు నా దగ్గర ఉండేవి, రాయసం గది నా గదికి ఆనుకునే ఉండేది. అందుకని ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నేనేం చేశానని మాత్రం అడగకండి.

యతిరాజులు ఇరవై ఆరేళ్ళు ఆ చాప మీద కూర్చుని రాశాడు. స్వామివారు "నేను" అనరు, "మేము" అంటారు. దేనికీ కారణం చెప్పరు. బతిమాలరు, క్షమించమనరు. మొదట మంగళాశాసనం చేస్తారు, తర్వాత అనుగ్రహిస్తారు. ఇవన్నీ అతనికి వెన్నతో పెట్టిన విద్య. చిత్తుప్రతి రాసి, మఠం వ్యవహారాలు చూసే సర్వాధికారికి చూపించాలి. ఆయన ఎర్రసిరాతో దిద్దితే సాపు చేసి స్వామివారికి చదివి వినిపించాలి. స్వామివారికి రెండు కళ్ళకూ శుక్లాలు. వినగానే అడుగున తన చేత్తో "శ్రీ" అని వేస్తారు. అప్పుడు ముద్ర పడుతుంది. ఆ "శ్రీ" ఉంటే అది స్వామివారి మాట. లేకపోతే ఎవరు రాసినా ఉత్త కాగితం.

అంత గొప్ప రాతగాడు భార్యకు ఒక జాబు రాయాలంటే తడబడేవాడు. ఒకసారి పుట్టింటికెళ్ళిన గోదాదేవికి "మేము క్షేమము" అని రాశాడట. ఆమె తిరిగొచ్చి వీధంతా చెప్పి నవ్వించింది. అతను కూడా నవ్వాడు, కానీ లోపల కొంచెం గర్వపడ్డాడని నా అనుమానం.

నలభై రెండు వేసవిలో జపానువాళ్ళు బాంబులేస్తారని మద్రాసు జనం రైళ్ళ నిండా తిరుపతికి వచ్చిపడ్డారు. పశువుల కొట్టం ఖాళీ ఉందన్నా అద్దె ఎంతైనా ఇస్తామనేవాళ్ళు. మా సర్వాధికారి వేంకటాచలపతి కన్ను మఠం వెనక వరస ఇళ్ళ మీద పడింది. అవి మఠం పనివాళ్ళకు ఇచ్చిన ఇళ్ళు. చివరి ఇంట్లో పెరుందేవి ఉండేది. ఆమె మొగుడు మఠం వంటశాలలో ముప్పై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడి, ఆ పొయ్యి ముందే కూలిపోయాడు. పిల్లల్లేరు. అప్పడాలు ఒత్తి అమ్ముకుంటూ బతికేది. ఆ ఇల్లు పోతే ఆమెకు తలదాచుకునే చోటు లేదు.

ఇల్లు ఖాళీ చెయ్యమంటారని పుకారు విని ఆమె స్వామివారి ముందు సాగిలపడింది. ఆయన విని, మా వైపు తిరిగి, "పాపం, ఉండనీవయ్యా. ఆమె ఉన్నన్నాళ్ళు ఎవరూ కదిలించొద్దు" అన్నారు. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళాక యతిరాజులతో "శ్రీముఖం రాసియ్యి" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

యతిరాజులు ఆ మధ్యాహ్నమే చిత్తు రాశాడు. "పెరుందేవి యావజ్జీవము ఆ గృహముననే నివసించునట్లు అనుగ్రహించితిమి" అని అందులో ఉంది. సర్వాధికారి చదివి ఎర్రసిరా తీశాడు.

"బాగా రాసినావప్పా. అయితే ఇల్లూ వాకిలీ స్వామివారు మాట్లాడే మాటలేనా? రేపు ఎవరైనా కోర్టుకు పోతే స్వామివారిని బోనెక్కిస్తావా? ఆస్తుల పెత్తనం నాది. స్వామివారు ఆశీర్వాదం చేస్తే చాలు. ఇట్ల రాయి, సూడు."

దిద్దినాక ఆ వాక్యం ఇలా అయింది: "ఆమె నివాస విషయమై మా సర్వాధికారి యుక్తమైన ఏర్పాటు గావించగలరు."

ఇక్కడే యతిరాజుల మీద నాకు ఒళ్ళుమంట. అతను భయపడి ఒప్పుకుని ఉంటే క్షమించేవాణ్ణి. పిల్లలు గలవాడు, అతనుండేదీ అదే వరసలో. కానీ అతనికి ఆ వాక్యం నచ్చింది! రెండుసార్లు పైకి చదువుకుని, "నిజమే, ఇదే గంభీరంగా ఉండాది. స్వామివారి నోట ఇట్లే రావల్ల" అని నాతో అన్నాడు. గంభీరమంట! ఆ గంభీరంలో ఒక ముసలిదాని ఇల్లు కొట్టుకుపోయింది.

సాపుప్రతి చదివి వినిపించేటప్పుడు స్వామివారు ఆపి, "ఇంటి మాట వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది స్వామీ, యుక్తమైన ఏర్పాటని" అన్నాడు సర్వాధికారి.

స్వామివారు యతిరాజుల వైపు ముఖం తిప్పారు. చూపు లేని ఆ కళ్ళు కాసేపు అటే ఉన్నాయి. దాసుణ్ణి అన్నట్టు "అడియేన్" అని తలవంచాడు యతిరాజులు. అంతే. స్వామివారు తడుముకుంటూ "శ్రీ" వేశారు. ముద్ర పడింది.

పెరుందేవి ఆ కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి పెరుమాళ్ళ పటం వెనక పెట్టుకుంది. ఆ సాయంత్రం వరస ఇళ్ళన్నిటికీ తలా నాలుగు అప్పడాలు పంచింది. నేనూ తిన్నాను.

నెల తిరక్కుండా రెండో కాగితం వచ్చింది. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. అడుగున "స్వామివారి ఆజ్ఞానుసారము" అని సర్వాధికారి సంతకం. "శ్రీ" లేదు, ముద్ర లేదు. అక్కర కూడా లేదు, ఏర్పాటు సర్వాధికారి చేస్తాడని ముద్ర వేసిన కాగితమే చెబుతోంది కదా.

ఆమె రెండు కాగితాలూ పట్టుకుని రాయసం గదికి వచ్చింది. చదవడం రాదు.

"యతిరాజన్నా, వీటిల్లో ఏది నిజమో చదివి చెప్పు."

అతను రెండూ చదివాడు. మొదటిది చదువుతున్నప్పుడు అలవాటు కొద్దీ గొంతులోకి స్వామివారి ఠీవి వచ్చేసింది. ఆమె చేతులు జోడించుకుని వింది.

"ఎంత బాగుండాయన్నా సామి మాటలు! అయితే ఉండమన్నట్టా, పొమ్మన్నట్టా?"

యతిరాజులు నేల చూస్తూ, "పొమ్మన్నట్టేనమ్మా" అన్నాడు.

"సామి అట్ల అన్లేదు. ఉండమనింది నేను విన్నాను కదా. నడిమిట్లో ఎవడో రాసినాడు. వాడి చెయ్యి పడిపోను!"

అతని కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. గోడకివతల నేను బియ్యం కొలుస్తూ లెక్క తప్పాను. లేచి వెళ్ళి "రాసింది వీడే" అని చెప్పొచ్చు. పోనీ ఆమెను చెయ్యి పట్టుకుని మళ్ళీ స్వామివారి ముందుకు తీసుకెళ్ళొచ్చు. వెళ్ళలేదు. నా ఇల్లూ ఆ వరసలోనే ఉంది.

ఆమె కళ్ళు తుడుచుకుని అతని ముందు చతికిలబడింది.

"నువ్వే ఇంకొక విన్నపం రాసిపెట్టన్నా సామికి. నీ చెయ్యి మంచిది. నువ్వు రాస్తే సామి వింటాడు."

యతిరాజులు రాశాడు. అంత చక్కని విన్నపం అతను అంతకుముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు. విన్నపాలు ముందు సర్వాధికారి చూస్తాడు. ఆయన దాన్ని స్వామివారి దాకా పోనివ్వలేదు. మూలన "జవాబు రాయవలెను, నా సంతకముతో" అని ఎర్రసిరాతో వేసి రాయసం గదికే పంపించాడు.

పొమ్మనే ఆ జవాబూ అతనే రాశాడు. సర్వాధికారి అందులో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.